శ్రుతి చెడకుండా కాలప్రమాణం తగ్గించడం: కష్టమైన సంగతిని విడదీసి వినే పద్ధతి

చెన్నైలో సంగీతం నేర్చుకునేవారి ఫోనులో క్లాసు రికార్డింగులు కుప్పలుగా ఉంటాయి. మైలాపూర్‌లోనో త్యాగరాయ నగర్‌లోనో గురువుగారు ఒక చిట్టస్వరాన్ని రెండుసార్లు వాయించి చూపిస్తారు. శిష్యులు ఫోను ముందుపెట్టి రికార్డు చేసుకుంటారు. ఇంటికి వచ్చి వింటే మొదటి ఆరు అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి, ఏడో అక్షరం దగ్గర స్వరాలు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. ఎన్నిసార్లు విన్నా అక్కడ ఏమి జరిగిందో తెలియదు. ఆ ఒక్క చోటును నెమ్మదింపజేసి వినడం ఎలా, విన్నదానిలో ఎంత నమ్మాలి, ఎంత నమ్మకూడదు అన్నదే ఈ వ్యాసం. ఉదాహరణ వయొలిన్‌ది. వీణకూ వేణువుకూ గాత్రానికీ పద్ధతి ఇదే, తేడా వచ్చే చోట చెబుతాను.

మామూలుగా నెమ్మదిస్తే ఏమవుతుంది

పాత టేపును నెమ్మదిగా తిప్పితే శ్రుతి కూడా దిగిపోతుంది. ఎంత దిగుతుందన్నది లెక్క ప్రకారమే ఉంటుంది. వేగాన్ని సగం చేస్తే ప్రతి ధ్వని పౌనఃపున్యం సగమై, మధ్య స్థాయి షడ్జమం మంద్ర స్థాయి షడ్జమంగా వినిపిస్తుంది. వేగాన్ని ముప్పాతికకు తెస్తే షడ్జమం సరిగ్గా మంద్ర పంచమం మీదకు దిగుతుంది. ఈ రెండింటిలో కనీసం తంబురాతో ఏదో ఒక పొంతన ఉంటుంది. అరవై అయిదు శాతానికి తెస్తే షడ్జమం మన శ్రుతిలో ఏ స్వరానికీ కుదరని చోట ఆగుతుంది. దానితో కలిసి వాయించాలంటే వాద్యాన్నే మళ్లీ శ్రుతి చేసుకోవాలి. అందుకే మనకు కావలసింది వేగం మాత్రమే తగ్గి శ్రుతి అక్కడే నిలిచే పద్ధతి.

సాఫ్ట్‌వేరు దీన్ని రెండు రకాలుగా చేస్తుంది. మొదటి రకం, ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, పక్కపక్క ముక్కలను కొంచెం కొంచెం మళ్లీ వాడుకుంటూ అతికిస్తుంది. ముక్క లోపలి కంపనం మారదు కాబట్టి శ్రుతి మారదు. ముక్కలు ఎక్కువయ్యాయి కాబట్టి నిడివి పెరుగుతుంది. అతుకు కనబడకుండా ఉండేందుకు, తరంగాల ఆకారం దగ్గరగా కలిసే చోటును వెతికి అక్కడ కలుపుతుంది. రెండో రకం, ధ్వనిని పౌనఃపున్యాలుగా విడగొట్టి, ఒక్కొక్కటి ఎలా సాగుతోందో లెక్కగట్టి, అదే సాగుడును ఎక్కువ సేపటికి మళ్లీ నిర్మిస్తుంది. మొదటిది లెక్కలో తేలిక, ఫోనులో కూడా అప్పటికప్పుడు పని చేస్తుంది. రెండోది బరువు, కానీ సాగే స్వరాలకు మెత్తగా ఉంటుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. తరువాత వినిపించే వింత శబ్దాల మూలం అంతా ఇక్కడే ఉంది.

రికార్డింగు దగ్గరే సగం పని

క్లాసులో ఫోను పెట్టే ముందు గురువుగారి అనుమతి అడగడం మర్యాద. అడిగితే మరో మేలు ఉంది, కష్టమైన చోటును విడిగా, తాళం మాత్రం వేస్తూ, తంబురా పెట్టె ఆపి, ఒక్కసారి వాయించమని కూడా కోరవచ్చు. సాగదీసే లెక్క మొత్తం మిశ్రమం మీద జరుగుతుంది. వయొలిన్ ఒక్కటే ఉంటే అతుకులు వయొలిన్ తరంగానికి కుదురుతాయి. తంబురా, మృదంగం, పక్క గదిలో ఇంకో క్లాసు, ఇవన్నీ కలిసి ఉంటే అతుకు దేనికి కుదరాలో సాఫ్ట్‌వేరుకు తెలియదు.

ఫ్యాను ఆపండి. చెన్నైలో మే నెలలో ఈ మాట చెప్పడం క్రూరమే, అయినా రెండు నిమిషాల పాటు ఆపండి. ఫ్యాను హోరును మామూలు వేగంలో చెవి పట్టించుకోదు. సాగదీసినప్పుడు అదే హోరు గలగలలాడే లోహపు శబ్దంగా మారి స్వరాల మధ్య ఖాళీలను నింపేస్తుంది.

రికార్డింగును వాట్సాప్ వాయిస్ సందేశంగా పంపించుకోకండి. అందులో ధ్వని బాగా కుదించబడుతుంది, కుదింపులో పోయిన వివరం సాగదీసినప్పుడు తిరిగి రాదు, లోపం మాత్రం సాగుతుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా జతచేసి పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది.

ఎంత నెమ్మదించాలో ముందే లెక్క కట్టడం

చాలామంది సరాసరి సగానికి తగ్గించి మొదలుపెడతారు. అవసరమైనదానికన్నా ఎక్కువ తగ్గిస్తే లాభం లేదు, వింత శబ్దాలు మాత్రం పెరుగుతాయి. ఎంత తగ్గించాలో మీ చెవి పరిమితిని బట్టి నిర్ణయించవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తోడి రాగంలో ఆదితాళపు చిట్టస్వరం. రికార్డింగులో నాలుగు ఆవర్తనాలకు 25.6 సెకన్లు పట్టింది. ఒక్కటే కొలిస్తే బొటనవేలి తడబాటు లెక్కలోకి వస్తుంది కాబట్టి నాలుగు కొలిచి భాగించడం మంచిది. అంటే ఒక ఆవర్తనం 6.4 సెకన్లు, ఒక అక్షరం 0.8 సెకను. చిట్టస్వరంలో ఎక్కువ భాగం అక్షరానికి నాలుగు స్వరాలు, ఒక్కో స్వరానికి 200 మిల్లీసెకన్లు. చివరి రెండు అక్షరాలలో మాత్రం అక్షరానికి ఎనిమిది స్వరాలు, ఒక్కొక్కటి 100 మిల్లీసెకన్లు. చెవి తప్పిపోయేది ఆ పదహారు స్వరాల దగ్గరే.

శిష్యురాలు మొదటి ఆరు అక్షరాలను ఇబ్బంది లేకుండా స్వరాలుగా చెప్పగలిగింది. అంటే స్వరానికి 200 మిల్లీసెకన్లు ఉంటే ఆమె చెవికి చాలు. కష్టమైన భాగాన్ని సగం వేగానికి తెస్తే అక్కడ కూడా స్వరానికి 200 మిల్లీసెకన్లే అవుతాయి. అంతకన్నా తగ్గించాల్సిన పని లేదు. వేరొకరు 150 మిల్లీసెకన్ల స్వరాలను కూడా పట్టుకోగలరనుకోండి, వారికి 100ను 150తో భాగిస్తే వచ్చే 67 శాతం సరిపోతుంది. సూత్రం ఇంతే: ఇప్పుడున్న స్వర నిడివిని, మీరు హాయిగా పట్టుకోగల స్వర నిడివితో భాగించండి. వచ్చిన సంఖ్యే మీ అడుగు. దానికి దిగువకు వెళ్లకండి.

ఆడాసిటీలో చేసే విధానం

ఆడాసిటీ అనే ధ్వని సవరించే సాఫ్ట్‌వేరు ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పేర్లు తెరమీద ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి అలాగే ఇస్తున్నాను. వెర్షన్లను బట్టి మెనూలో చోటు కొద్దిగా మారవచ్చు.

ఫోను రికార్డింగు ఎం4ఏ రకం అయితే, అదనపు లైబ్రరీ లేకుండా ఆడాసిటీ దాన్ని తెరవకపోవచ్చు. అప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనం ఉంటే కావలసిన ముక్కను కోసి వేవ్ ఫైలుగా మార్చుకోవచ్చు. కింది ఆదేశం 3 నిమిషాల 12వ సెకను నుంచి 8 సెకన్లు తీసి, ఒకే చానల్‌కు కలుపుతుంది. ఒక్క వాద్యానికి రెండు చానళ్లతో పని లేదు.

```
ffmpeg -ss 00:03:12 -t 8 -i class.m4a -ac 1 phrase.wav
```

ముక్క ఎక్కడ మొదలవ్వాలన్నది ముఖ్యం. కష్టమైన రెండు అక్షరాలనే కోసుకుంటే తాళంలో వాటి చోటు పోతుంది. సమం నుంచి మళ్లీ సమం వరకు పూర్తి ఆవర్తనం తీసుకోండి, దానికి అటూ ఇటూ అర సెకను వరకు ఎక్కువ వదిలేయండి. సాగదీసేటప్పుడు అంచులు కొంచెం చెదురుతాయి, ఆ చెదురు మీకు అక్కరలేని భాగంలో పడాలి.

ఫైలు తెరిచాక `Ctrl+A`తో అంతా ఎంచుకుని, `Ctrl+D`తో మరో ట్రాకులోకి నకలు తీయండి. అసలు ట్రాకు చెక్కుచెదరకుండా ఉండాలి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. నకలు ఎంచుకుని ఉండగా `Effect` మెనూలో `Pitch and Tempo` కింద ఉన్న `Change Tempo` తెరవండి. పక్కనే `Change Speed and Pitch` అని మరొకటి ఉంటుంది. అది పాత టేపు పనే చేస్తుంది, శ్రుతిని దించేస్తుంది. తొందరలో వేలు దానిమీద పడడం సాధారణం. షడ్జమం కుంగినట్టు వినిపిస్తే ముందు అనుమానించవలసింది దాన్నే.

`Change Tempo` కిటికీలో `Percent Change` అనే గడి ఉంటుంది. ఇక్కడ రాయవలసింది మీకు కావలసిన వేగం కాదు, ఎంత తగ్గాలన్నది. 70 శాతం వేగం కావాలంటే -30 రాయాలి, 60 శాతానికి -40, సగానికి -50. సరిగ్గా జరిగిందో లేదో నిడివి చూసి చెప్పవచ్చు. 6.4 సెకన్ల ఆవర్తనం సగం వేగానికి 12.8 సెకన్లు, 60 శాతానికి 10.67, 70కి 9.14, 80కి 8 సెకన్లు కావాలి. ఒకవేళ 70 శాతం వేగం కోరుకున్నప్పుడు నిడివి 8.3 సెకన్ల దగ్గర కనిపిస్తే, మీ మనసులో 30 శాతం ఎక్కువ నిడివి అన్న లెక్క ఉండి ఎక్కడో తక్కువ సంఖ్య ఇచ్చారన్నమాట. వేగం 30 శాతం తగ్గడమూ నిడివి 30 శాతం పెరగడమూ ఒకటి కాదు.

కిందనే `Use high quality stretching (slow)` అని ఒక గడి ఉంటుంది. అది ఎంచకపోతే పైన చెప్పిన ముక్కల పద్ధతి, ఎంచితే పౌనఃపున్యాల పద్ధతి నడుస్తుంది. కొద్ది సెకన్ల సంగతికి ఎంచడమే మేలు, పట్టే సమయం పెద్దగా ఉండదు. మృదంగం కలిసిన కచేరీ రికార్డింగు అయితే రెండు రకాలుగానూ చేసి పోల్చి చూడండి. దెబ్బలు ఎక్కువగా ఉన్న చోట ఒక్కోసారి మొదటిదే చెవికి నచ్చుతుంది.

ఇప్పుడు అసలు ట్రాకు ఎందుకు దాచుకోమన్నానో. 70 శాతం ముక్క విన్నాక ఇంకా నెమ్మదించాలనిపిస్తే, ఆ 70 ముక్క మీదే మళ్లీ -30 ఇస్తారు చాలామంది. అలా చేస్తే వేగం 40 కాదు, 49 శాతం అవుతుంది. లెక్క సంగతి అలా ఉంచితే, మొదటిసారి వేసిన అతుకుల మీద రెండోసారి అతుకులు పడతాయి. ప్రతి వేగాన్నీ అసలు ట్రాకు నకలు నుంచే తయారు చేయండి.

సాగదీశాక అంచుల్లో వదిలిన అదనపు భాగాన్ని సమం దగ్గర సరిగ్గా కత్తిరించండి. ముక్క నిడివి పూర్తి ఆవర్తనానికి సమానంగా ఉంటే, `L` నొక్కి లూప్ పెట్టినప్పుడు తాళం తొట్రుపడకుండా మళ్లీ మళ్లీ సాగుతుంది. అర సెకను ఎక్కువ మిగిలితే ప్రతి ఆవర్తనం తరువాత ఒక గతుకు పడుతుంది, చేయి ఆ గతుకునే నేర్చుకుంటుంది.

ఈ పని మొత్తం చేసే ముందు సంగతి మీకు నిజంగా సమస్యేనా అని త్వరగా చూసుకోవాలంటే ఫోనులోని వీఎల్‌సీలో వేగం తగ్గించి వినండి, అక్కడ శ్రుతి నిలుస్తుంది. యూట్యూబ్‌లో కూడా వేగం తగ్గిస్తే శ్రుతి మారదు. అవి పరిచయానికి సరిపోతాయి, స్వరాలు రాసుకోవడానికి సరిపోవు.

శ్రుతి నిలిచిందా అని చూడడం

నెమ్మదించిన ముక్క పక్కన మీ తంబురా పెట్టెనో యాప్‌నో అదే శ్రుతిలో పెట్టండి. ఇక్కడివాళ్లు ఒకటిన్నర కట్టై, అయిదున్నర కట్టై అని చెప్పే ఆ శ్రుతి క్లాసులో ఎంతో మీకు తెలిసే ఉంటుంది. సంగతిలో షడ్జమం మీద గానీ పంచమం మీద గానీ కాస్త నిలిచే చోటు వెతకండి. అక్కడ తంబురాతో కలిసిపోతే శ్రుతి నిలిచినట్టే. కొద్దిగా మాత్రమే తేడా ఉంటే, అసలు రికార్డింగును కూడా తంబురాతో పెట్టి చూడండి. తేడా అందులోనూ ఉంటే తప్పు సాగదీతది కాదు, రికార్డింగుదే. పాత టేపుల నుంచి డిజిటల్‌కు ఎక్కిన కచేరీలలో ఇది సర్వసాధారణం, టేపు యంత్రం తిరిగిన వేగం సరిగ్గా లేకపోతే శ్రుతి ఏ కట్టైకీ చెందకుండా మధ్యలో ఉంటుంది. అప్పుడు `Change Pitch`తో మీ శ్రుతికి తెచ్చుకోవచ్చు, కానీ ఆ సవరణ కూడా అసలు ట్రాకు నకలు మీదే ముందుగా చేసి, తరువాతే వేగం మార్చండి.

లేని జంట స్వరాలు

ఈ విషయం మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే శిష్యులు తప్పు స్వరం రాసుకునేది ఎక్కువగా ఇక్కడే.

ముక్కల పద్ధతిలో ఒక్కో ముక్క ఎంత పొడవన్నది సాఫ్ట్‌వేరును బట్టి మారుతుంది. సాక్స్ అనే ఉచిత సాధనంలో సాధారణంగా వాడే ముక్క 82 మిల్లీసెకన్లు. మన ఉదాహరణలో వేగమైన స్వరం 100 మిల్లీసెకన్లు. అంటే ఒక్క ముక్కలో దాదాపు ఒక స్వరం పడుతుంది. సగం వేగానికి తెచ్చేటప్పుడు ప్రతి భాగమూ దాదాపు రెండుసార్లు వాడబడుతుంది. ఆ భాగంలో స్వరం మొదలయ్యే క్షణం, అంటే కమాను ఒరుసుకునే చప్పుడో వీణ మీటో ఉంటే, ఆ మొదలు కూడా రెండుసార్లు వినిపిస్తుంది. గురువుగారు ఒక్క గాంధారం వాయిస్తే మీకు ‘గగ’ అని జంట స్వరంలా వినిపిస్తుంది. మృదంగం ఉంటే ఒక్క దెబ్బ రెండు దెబ్బలవుతుంది. సాహిత్యంలో అయితే ఒక్క ‘త’ తొట్రుపడి రెండు ‘త’లవుతుంది.

ఇది నిజమైన జంటా, సాఫ్ట్‌వేరు పుట్టించిన జంటా అని తేల్చడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. అదే ముక్కను 50, 57, 65 శాతాల వేగాలలో విడివిడిగా తయారు చేసి వినండి. నిజమైన జంట అయితే మూడింటిలోనూ అదే స్వరం దగ్గర, రెండు మీట్ల మధ్య దూరం వేగానికి తగ్గట్టు పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తుంది. కృత్రిమమైనదైతే ఒక వేగంలో గాంధారం దగ్గర, మరో వేగంలో ధైవతం దగ్గర వినిపిస్తుంది, లేదా ఒకదానిలో మాయమవుతుంది. ముక్కల సరిహద్దులు వేగాన్ని బట్టి జరుగుతాయి కాబట్టి దయ్యపు జంట కూడా జరుగుతుంది. ఇంకా అనుమానమైతే ఆడాసిటీలో అసలు ట్రాకు మెనూ నుంచి `Spectrogram` చూపు ఎంచుకోండి. స్వరం మొదలయ్యే చోట పైనుంచి కిందికి నిలువుగా ఒక గీత కనిపిస్తుంది. 100 మిల్లీసెకన్లలో ఒకే గీత ఉంటే అది ఒక్క స్వరమే.

సాక్స్ వాడేవారు ముక్క పొడవును తగ్గించి చూడవచ్చు. రెండింతలు సాగదీసే పనికి 41 మిల్లీసెకన్లు బాగుంటుందని దాని మాన్యువలే చెబుతుంది.

```
sox phrase.wav half.wav tempo 0.5 41
```

మరీ తగ్గిస్తే మంద్ర స్వరాలు బొంగురుగా వణుకుతాయి. ముక్కలో కొన్ని పూర్తి కంపనాలైనా ఇమడాలి, మంద్ర స్వరానికి ఒక్కో కంపనమే పొడవు. కాబట్టి పై స్థాయి సంగతికి పనికొచ్చిన అంకె వీణ మంద్ర తంత్రికి పనికిరాకపోవచ్చు.

పౌనఃపున్యాల పద్ధతిలో జంటలు రావు, దాని జబ్బు వేరు. స్వరం మొదలయ్యే పదును కరిగిపోయి, పెద్ద కల్యాణ మండపంలో దూరం నుంచి విన్నట్టు ఉంటుంది. ఎక్కడ కమాను మారిందో తెలియదు. స్వరమేదో తెలుసుకోవడానికి ఇది నయం, ఎన్ని మీట్లో లెక్కపెట్టడానికి ముక్కల పద్ధతి నయం. రెండు ఫైళ్లూ ఉంచుకుంటే ఒకదాని లోపాన్ని ఇంకొకటి సరిచూస్తుంది.

మెరుగైన నాణ్యత కావాలంటే రబ్బర్‌బ్యాండ్ అనే ఉచిత సాధనం ఉంది. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో ఒకేసారి నాలుగు వేగాల ఫైళ్లు తీయవచ్చు.

```
for t in 0.50 0.65 0.80 0.90; do
  rubberband --fine -T $t phrase.wav phrase_$t.wav
done
```

ఇందులో పెద్ద `-T` వేగాన్ని చెబుతుంది, చిన్న `-t` నిడివిని చెబుతుంది. పొరపాటున `-t 0.5` అని రాస్తే సంగతి రెండింతల వేగంతో పరుగెత్తుతుంది.

గమకం కూడా సాగుతుంది, దాన్ని అనుకరించకండి

పాశ్చాత్య పియానో విద్యార్థికి పై జాగ్రత్తలు చాలు. మనకు చాలవు. స్వరంతో పాటు గమకమూ సాగుతుంది, అసలు చిక్కు అక్కడే.

తోడి గాంధారం నిలకడైన స్వరం కాదని నేర్చుకునేవారందరికీ తెలుసు. అది రిషభం వైపుకూ మధ్యమం వైపుకూ ఊగుతుంది. విలంబంలో ఆ స్వరం మీద నిలిచినప్పుడు గురువుగారు అనేకసార్లు ఊపుతారు. 100 మిల్లీసెకన్ల గాంధారంలో అన్ని ఊపులకు చోటు లేదు. అక్కడ ఉండేది ఒక్క తాకుడు, మహా అయితే ఒక్క ఊపు. దాన్ని సగం వేగానికి సాగదీస్తే 200 మిల్లీసెకన్లలో అదే ఒక్క ఊపు బద్ధకంగా వినిపిస్తుంది. అసలు 200 మిల్లీసెకన్ల గాంధారాన్ని గురువుగారు ఆ విధంగా వాయించరు. అదే చిట్టస్వరంలో మొదటి ఆరు అక్షరాలలోని గాంధారాలను విని పోల్చండి, నిడివి ఒకటే అయినా ఆకారం వేరు.

కాబట్టి నెమ్మదించిన ఫైలు చెప్పేది రెండు విషయాలే: ఏ స్వరాలు, ఏ వరుసలో. నెమ్మదిగా వాయించేటప్పుడు గమకం ఎలా ఉండాలో అది చెప్పదు. సగం వేగపు ఫైలుతో కలిసి గమకాలతో సహా వాయిస్తూ సాధన చేసినవారి వాయింపులో రాగం వేలాడినట్టు ఉంటుంది, గురువుగారు వినగానే పట్టేస్తారు.

దీనికి తోడు మరో ఉచ్చు ఉంది. నెమ్మదించినప్పుడు గాంధారం మధ్యమాన్ని తాకడం విడిగా వినిపిస్తుంది. శిష్యులు దాన్ని విడి స్వరంగా తీసుకుని ‘గ’ ఉన్న చోట ‘గమగ’ అని రాసుకుంటారు. అలా రాస్తే ఎనిమిది స్వరాల అక్షరంలో పది స్వరాలు తేలుతాయి. లెక్కే మిమ్మల్ని కాపాడుతుంది. మీరు రాసుకున్నది ఎనిమిదికి మించితే ఏదో గమకాన్ని స్వరంగా రాశారని అర్థం. ఏదో తేల్చడానికి, అనుమానమున్న మధ్యమానికి సొంత మొదలు ఉందా అని వినండి. కమాను మార్పో కొత్త వేలి పోటో ఉంటే అది స్వరం కావచ్చు. ధ్వని తెగకుండా పైకి వెళ్లి వెంటనే దిగిపోతే అది గాంధారపు ఊపే. జారుతో వాయించిన చోట ఈ ఆనవాలు సరిపోదు, అక్కడ నడక లెక్కనే నమ్మాలి. మధ్యమం మీద కనీసం ఒక స్వరపు నిడివి, అంటే సగం వేగంలో 200 మిల్లీసెకన్ల దగ్గర, ఉందా లేదా చూడండి.

మన ఉదాహరణలో శిష్యురాలు ఏడో అక్షరాన్ని మొదట ‘గమగమదని’తో మొదలయ్యే తొమ్మిది స్వరాలుగా రాసుకుంది. 65 శాతంలో మళ్లీ విని, మొదటి మధ్యమానికి కమాను తాకిడి లేదని గమనించి, ‘గగమదని దమగ’ అని మార్చింది. లెక్క ఎనిమిదికి సరిపోయినట్టే కనిపించింది. ముందున్న ‘గగ’ 50 శాతం ఫైలులో మాత్రమే ఉందనీ 57లో లేదనీ తేలాక ‘గమదని దమగరి’ మిగిలింది. చివరి రిషభం ఎనిమిదో అక్షరంలోది అనుకుని మొదట వదిలేసింది కాబట్టే ఆ తప్పు వరుసకు లెక్క కుదిరినట్టు కనిపించింది. ఎనిమిది స్వరాలు, తోడిలో సహజంగా వచ్చే పంచమం లేని నడక. రాగ లక్షణం తెలిసి ఉండడం ఇక్కడ సాఫ్ట్‌వేరుకన్నా ఎక్కువ పని చేసింది.

సాధనలోకి తేవడం

స్వరాలు రాసుకున్నాక సగం వేగపు ఫైలు పని అయిపోయింది, దాన్ని తీసి పక్కన పెట్టండి. సంగతిని మొదటి కాలంలో, గమకాలు గురువుగారు నేర్పిన తీరులో, తాళం వేసుకుంటూ లేదా మెట్రోనోమ్‌తో వాయించండి. మన లెక్కలో అసలు వేగం నిమిషానికి 75 అక్షరాలు. 80 శాతం ఫైలు నిమిషానికి 60, 90 శాతం ఫైలు నిమిషానికి 67.5. మెట్రోనోమ్ మీద 60కి చేరాకే 80 శాతం ఫైలుతో కలిసి వాయించడం మొదలుపెట్టండి. అక్కడి నుంచి గమకం ఆకారం అసలుకు దగ్గరగా ఉంటుంది, అనుకరిస్తే నష్టం లేదు.

గాత్రం వారికి ఇంకో మాట. సాహిత్యంతో కూడిన సంగతిని నెమ్మదిస్తే అచ్చులు బాగానే సాగుతాయి, హల్లులు సాగకూడనంత సాగుతాయి. ఒత్తక్షరాలు నలుగుతాయి. తెలుగు మాతృభాష కాని సహవిద్యార్థులు నెమ్మదించిన ఫైలు విని పదం ఏమిటని మిమ్మల్ని అడుగుతారు. అందులో విని చెప్పకండి, అసలు వేగంలో విని చెప్పండి. ఆ ఫైలులో ‘ల’ ఏదో ‘ళ’ ఏదో మనకూ తెలియదు.

సగం కన్నా దిగువకు వెళ్లినా స్వరం తేలకపోతే వేగాన్ని ఇంకా తగ్గించకండి. అక్కడ అడ్డు వేగం కాదు. పక్క వాద్యం కప్పేసి ఉండవచ్చు, రికార్డింగులోనే ఆ స్వరం సరిగ్గా పడి ఉండకపోవచ్చు, లేదా గురువుగారే ఆ చోట స్వరాన్ని మింగి వాయించి ఉండవచ్చు. సమం నుంచి కోసిన ఆ ఆవర్తనాన్ని ఫోనులో పెట్టుకుని తరువాతి క్లాసుకు వెళ్లి, ఏడో అక్షరంలో నాలుగో స్వరం ఏమిటని అడగండి. చిట్టస్వరం అంతా మళ్లీ వాయించమని అడగడం కన్నా ఆ ప్రశ్నకు జవాబు త్వరగా దొరుకుతుంది.